రోజుకి రెండు గంటలే తిరిగే మిషన్‌కి తోడు ఇంకొకటి ఎందుకు?

శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రి లాబ్‌కి నేను సూపర్‌వైజర్‌ని. క్యాజువాల్టీకి రెండో బ్లడ్ గ్యాస్ ఎనలైజర్ కావాలని నేను మొదట రాసిన ఉత్తరం ఒక పేజీ కూడా లేదు. శాంపిల్స్ పెరిగాయి, ఉన్న మిషన్ మీద భారం ఎక్కువైంది, కాబట్టి ఇంకొకటి మంజూరు చేయగలరు అని రాశాను. వారం తర్వాత ఫైల్ తిరిగొచ్చింది. మార్జిన్‌లో ఒక లెక్క వేసి ఉంది: రోజుకి 40 శాంపిల్స్, ఒక్కోదానికి 3 నిమిషాలు, మొత్తం 120 నిమిషాలు. దాని కింద ఒకే ప్రశ్న: "మిగతా 22 గంటలు ఖాళీగా ఉన్న మిషన్‌కి భారం ఎక్కడిది?"

ఆ ప్రశ్న వేసినాయన మీద నాకు కోపం రాలేదు. లెక్కలో తప్పు లేదు. నేను రాసిన కారణమే తప్పు. మిషన్ ఎంతసేపు తిరుగుతోంది అన్నది ఇక్కడ అడగాల్సిన ప్రశ్నే కాదని ఉత్తరంలో నేను చెప్పలేదు. రెండో ఉత్తరం రాయడానికి నాకు రెండు నెలలు పట్టింది. అందులో ఏం రాశానో, ఎందుకు రాశానో ఇక్కడ విడమరిచి చెప్తాను. ఇదే పరిస్థితిలో ఉన్న లాబ్ వాళ్లు చుట్టుపక్కల చాలామందే ఉన్నారు.

ముందు ఈ పరీక్ష సంగతి. మామూలు రక్తపరీక్షకి సిర నుంచి రక్తం తీస్తాం. ఏబీజీకి, అంటే ఈ బ్లడ్ గ్యాస్ పరీక్షకి, మణికట్టు దగ్గర, నాడి చూసే చోట, ధమని నుంచి తీస్తాం. గడ్డకట్టకుండా సిరంజ్‌లో హెపారిన్ ఉంటుంది. ఒకటి రెండు ఎంఎల్ చాలు. మిషన్ నోటికి సిరంజ్ ఆనిస్తే రెండు మూడు నిమిషాల్లో రక్తంలోని ఆమ్లత్వం, కార్బన్ డయాక్సైడ్, ఆక్సిజన్ చెప్తుంది. దాంతోపాటు పొటాషియం, సోడియం, లాక్టేట్, షుగర్ కూడా చెప్తుంది. ఊపిరి అందని మనిషికి మాస్క్ వెంటిలేటర్ పెట్టాలా వద్దా, ఇన్ఫెక్షన్‌తో బీపీ పడిపోతున్న మనిషికి, ఒంటికి ఆక్సిజన్ చాలనప్పుడు పెరిగే లాక్టేట్ ఎంతుంది, కిడ్నీ రోగికి పొటాషియం ఎంత ఎక్కింది, ఇవన్నీ డాక్టరు మంచం పక్కన నిలబడి తేల్చుకోవాల్సినవి.

మిగతా చాలా రక్తపరీక్షలకి ఇంతగా లేని చిక్కు ఒకటి దీనికుంది. సిరంజ్‌లోకి వచ్చాక కూడా రక్తకణాలు బతికే ఉంటాయి. అవి ఆక్సిజన్ వాడుకుంటాయి, షుగర్ తింటాయి, లాక్టేట్ వదులుతాయి. ప్లాస్టిక్ సిరంజ్‌లో తీసిన రక్తాన్ని గది ఉష్ణోగ్రత దగ్గరే ఉంచి 30 నిమిషాల లోపల మిషన్‌కి పెట్టాలి. లాక్టేట్ కోసమైతే 15 నిమిషాల లోపల పెడితే మంచిది. ఆలస్యమైతే ఆమ్లత్వం, లాక్టేట్ పెరిగినట్టు, షుగర్ తగ్గినట్టు కనిపిస్తాయి. అది రోగి ఒంట్లో జరిగిన మార్పు కాదు, సిరంజ్‌లో జరిగింది. ఐస్‌లో పెట్టి తెచ్చేస్తే సరిపోతుంది కదా అని అడిగేవాళ్లున్నారు. గాజు సిరంజ్‌ల కాలంలో ఆ పద్ధతి ఉండేది. ప్లాస్టిక్ సిరంజ్‌ని ఐస్‌లో పెడితే గోడల్లోంచి ఆక్సిజన్ లోపలికి చేరుతుంది, కణాల్లోంచి పొటాషియం బయటికి జారుతుంది. అందుకని ఇప్పుడు అలా చేయొద్దంటారు.

కాబట్టి మంజూరు చేసేవాళ్లు చూడాల్సిన అంకె మిషన్ తిరిగిన గంటలు కాదు. సూది గుచ్చిన నిమిషం నుంచి డాక్టరు చేతికి రిజల్ట్ అందిన నిమిషం దాకా ఎంతసేపు పట్టింది అన్నది చూడాలి. మిషన్ లోపల మెమరీలో ఉండేది సిరంజ్ పెట్టిన టైమ్ మాత్రమే. రక్తం తీసిన టైమ్ దానికి తెలియదు. అందుకని నేను క్యాజువాల్టీలో ఒక నోట్‌బుక్ పెట్టించాను. రక్తం తీసిన నర్సు టైమ్ రాస్తుంది, రిజల్ట్ కాగితం అందగానే ఇంకో టైమ్ రాస్తుంది. ఆ రెండు నెలలూ పోయింది ఈ నోట్‌బుక్ కోసమే.

అందులో ఒక్క పేజీ గురించి వివరంగా చెప్తాను. ఉత్తరంలో కూడా ఆ పేజీనే జతచేశాను.

ఉద్దానం వైపు నుంచి, కవిటి మండలం నుంచి వచ్చిన మనిషి. వయసు యాభై పైన. ఉద్దానం అంటే ఈ జిల్లాలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది కిడ్నీ జబ్బే. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలని జబ్బు. పలాసలో కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది. అయినా రాత్రిపూట ఉన్నట్టుండి నీరసపడిన మనిషిని ఎటు బండి దొరికితే అటు తీసుకొస్తారు. ఈయన వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించుకుంటారు. ఇంట్లో పెళ్లి ఉండి ఒకసారి మానేశారు. తెల్లవారుజామున కాళ్లు లేవడం లేదని తీసుకొచ్చారు.

ఈసీజీ తీశారు. అనుమానంగా ఉంది కానీ స్పష్టంగా లేదు. పొటాషియం బాగా ఎక్కినా ఒక్కోసారి ఈసీజీలో పెద్దగా తేడా కనిపించదు. 5:50కి రక్తం తీశారు. మిషన్ రెండో అంతస్తులో ఐసీయూలో ఉంది. అటెండరు సిరంజ్ పట్టుకుని మెట్లెక్కి 5:55కి చేరాడు. ఐసీయూలో పొద్దున్నే వెంటిలేటర్ మీదున్న వాళ్లందరికీ ఒకేసారి శాంపిల్స్ తీస్తారు. ట్రేలో నాలుగు సిరంజ్‌లు వరుసలో ఉన్నాయి, ఒకటి అప్పటికే మిషన్‌లో ఉంది. సిస్టర్ మంచిది, ఎమర్జెన్సీ అనగానే దీన్నే ముందు పెట్టింది. 6:02కి మిషన్ రక్తం పీల్చింది. వెంటనే క్లాట్, అంటే రక్తపు గడ్డ అడ్డుపడిందని చూపించి ఆగిపోయింది.

"ఏటి మేడమ్, మిషన్ మళ్లీ ఆగిపోనాది" అని అటెండరు ఫోన్ చేసేసరికి నేను ఇంట్లో ఉన్నాను. కడిగే సైకిల్ మూడుసార్లు నడిపించినా వదల్లేదు. 6:25కి మామూలు ట్యూబ్‌లో ఇంకోసారి రక్తం తీసి మెయిన్ లాబ్‌కి పంపారు. ఆ ట్యూబ్‌లో రక్తం గడ్డకట్టడానికి అరగంట, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పడానికి పది నిమిషాలు, ఆ తర్వాత మిషన్ టైమ్. 7:20కి రిజల్ట్ వచ్చింది. పొటాషియం 7.6. మామూలుగా 5 దాటకూడదు. మొదటి సూది గుచ్చినప్పటి నుంచి గంటన్నర.

ఆ మనిషి బతికారు. 6:40కి డ్యూటీ డాక్టరు రెండోసారి ఈసీజీ తీయించారు. అందులో గుండె అలలోని క్యూఆర్ఎస్ అనే భాగం వెడల్పవడం చూసి, రిజల్ట్ కోసం ఆగకుండా కాల్షియం గ్లూకోనేట్ ఇచ్చారు, డయాలసిస్ వాళ్లని లేపారు. ఆయన ఆ నిర్ణయం తీసుకోబట్టి సరిపోయింది. అంత అనుభవం లేని డాక్టరు డ్యూటీలో ఉండే రాత్రులు కూడా ఉంటాయి. అంతకుమించి ఉత్తరంలో నేనేమీ రాయలేదు. రెండో మిషన్ ఉంటే ఒక ప్రాణం నిలిచేదని రాయడం అబద్ధం అయ్యేది.

ఇంకో నిజం కూడా దాచలేదు. ఆ రోజు మిషన్ ఆగిపోవడంలో తప్పు మిషన్‌ది కాదు. సిరంజ్‌ది. మామూలు సిరంజ్‌లో హెపారిన్ చుక్క వేసి తడిపి, రక్తం తీశాక అరచేతుల మధ్య దొర్లించకుండా పంపారు. ఐదు నిమిషాల మెట్ల ప్రయాణంలో సన్నటి క్లాట్ ఏర్పడింది. ముందే పొడి హెపారిన్ ఉన్న ఏబీజీ సిరంజ్ వాడి, తీసిన వెంటనే గాలి బుడగ బయటికి తోసి, తలకిందులు చేస్తూ, అరచేతుల మధ్య దొర్లిస్తూ కలిపి ఉంటే ఇది జరిగేది కాదు. మిషన్‌కి పెట్టే ముందు మొదటి రెండు చుక్కలు గాజుగుడ్డ మీద వదలాలి. ఆ తెల్లటి గుడ్డ మీద దారప్పోగులా ఏదైనా కనిపిస్తే ఆ సిరంజ్ మిషన్ దగ్గరికి పోకూడదు. ఇది చేయడానికి పది సెకన్లు పట్టదు.

మరి సిరంజ్ తప్పుకి మిషన్ ఎందుకు అని అడగొచ్చు. సూపరింటెండెంట్ గారు అదే అడిగారు. దానికి నేను చెప్పింది ఇది: "సార్, తప్పులు తగ్గించగలం, పూర్తిగా లేకుండా చేయలేం. తప్పు జరిగిన రాత్రి ఏం చేస్తామన్నది ఈ ఉత్తరం." ఆ రోజు మంచం పక్కనే మిషన్ ఉంటే, అదే సిరంజ్ రెండో నిమిషంలోనే మిషన్‌లో ఉండేది, క్లాట్ కట్టేంత టైమే ఉండేది కాదు. ఒకవేళ కట్టినా కొత్త సిరంజ్‌తో పైనున్న మిషన్‌కి వెళ్లడానికి దారి ఉండేది.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. రెండు మిషన్లు ఉన్న చోట్ల ఇదే జరుగుతుంది. మొదటి మిషన్ క్లాట్‌తో ఆగిపోగానే, టెన్షన్‌లో అదే సిరంజ్ తీసుకెళ్లి రెండో మిషన్‌కి పెడతారు. రెండూ ఆగిపోతాయి. అందుకని ఉత్తరంలోనే ఒక నియమం రాశాను: ఒక మిషన్‌లో క్లాట్ వచ్చిన సిరంజ్ చెత్తలోకి, కొత్త రక్తం రెండో మిషన్‌కి. ఇది శిక్షణలో చెప్పి వదిలేసే మాట కాదు, మిషన్ మీద అంటించి ఉండాలి.

ఇప్పుడు ఆ 22 ఖాళీ గంటల సంగతి. సగటు లెక్క రెండు విషయాలని కప్పేస్తుంది. శాంపిల్స్ గంటకి ఇన్ని అని సమంగా రావు. ఐసీయూవి పొద్దున్నే కట్టగా వస్తాయి, క్యాజువాల్టీవి ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. ఖాళీగా ఉన్నట్టు కనిపించే టైమ్ కూడా అంతా ఖాళీ కాదు. మిషన్ తనంతట తాను కొన్ని గంటలకోసారి కొలతలు సరిచూసుకునే పూర్తి క్యాలిబ్రేషన్ చేసుకుంటుంది, మధ్యలో చిన్న క్యాలిబ్రేషన్లు ఉంటాయి, లాబ్ వాళ్లు క్యూసీ, అంటే రిజల్ట్ సరిగా వస్తోందా అనే తనిఖీ నడపాలి. పరీక్షకి కావాల్సిన రసాయనాలు ఉండే కార్ట్రిడ్జ్ మార్చిన రోజు అది వేడెక్కి స్థిరపడేదాకా వాడడానికి వీలుండదు. అగ్నిమాపక వాహనం రోజంతా షెడ్‌లోనే ఉంటుంది కదా అని ఎవరూ అమ్మేయరు, ఎందుకంటే దాన్ని కొన్నది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూడడానికి కాదు. ఏబీజీ మిషన్‌ని కూడా అలాగే చూడాలి.

మేనేజ్‌మెంట్‌కి అంకెల్లో చెప్పాలి కాబట్టి ఒక లెక్క వేశాను. ఒక మిషన్ నూటికి 97 వంతులు వాడడానికి సిద్ధంగా ఉంటుందనుకుందాం. వినడానికి బాగానే ఉంది. నెలలో 720 గంటలు. అందులో 3 శాతం అంటే 21 గంటల పైన. నెలకి దాదాపు ఒక పూర్తి రోజు ఏబీజీ లేని ఆసుపత్రిగా ఉంటాం. రెండు మిషన్లుంటే, రెండూ ఒకేసారి ఆగే అవకాశం 0.03 × 0.03, అంటే 0.0009. 720 గంటల్లో 40 నిమిషాల లోపే.

ఈ రెండో అంకె చూడ్డానికి బాగుంటుంది కానీ, ఒక షరతు మీదే నిలబడుతుంది. రెండు మిషన్లూ వేర్వేరు కారణాలతో ఆగాలి. రెండిటికీ ఒకే యూపీఎస్ ఉంటే అవి రెండూ కలిసే ఆగుతాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత ఈ జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేని ఊళ్లు మనకి తెలుసు. కార్ట్రిడ్జ్ మిషన్ కరెంటు లేకుండా కంపెనీ చెప్పిన గడువు దాటితే, లోపలున్న కార్ట్రిడ్జ్ తీసి పారేయాల్సిందే, అందులో ఇంకా రెండొందల పరీక్షలు మిగిలున్నా సరే. అందుకని రెండో మిషన్‌కి వేరే యూపీఎస్, వేరే లైను అడిగాను. రెండిట్లోనూ ఒకే లాట్ కార్ట్రిడ్జ్ ఒకే రోజు పెట్టొద్దని కూడా రాశాను. లాట్‌లో లోపం ఉన్నా, గడువు ముగిసినా రెండూ ఒకేసారి చేతులెత్తేయకూడదు.

డబ్బు దగ్గరికి వస్తే, చాలా ఉత్తరాలు మిషన్ ధర రాసి ఊరుకుంటాయి. అసలు ఖర్చు అక్కడ లేదు. కార్ట్రిడ్జ్‌కి రెండు గడువులుంటాయి: ఇన్ని పరీక్షలు, లేదా మిషన్‌లో పెట్టాక ఇన్ని రోజులు. ఏది ముందు వస్తే అది. లెక్క సులువు కోసం 300 పరీక్షల కార్ట్రిడ్జ్ 60,000 రూపాయలు, గడువు 30 రోజులు అనుకుందాం. 300 పరీక్షలూ చేస్తే ఒక్కోటి 200 పడుతుంది. క్యాజువాల్టీలో నెలకి 150 మాత్రమే చేస్తే, మిగతా సగం గడువుతో పోతుంది, ఒక్కో పరీక్ష 400 అవుతుంది.  రెండో మిషన్ వస్తే పరీక్షల సంఖ్య రెట్టింపు కాదు, ఉన్నవే రెండు చోట్లకి పంచుకుంటాయి. ఈ సంగతి అకౌంట్స్ వాళ్లు మూడో నెలలో కనిపెట్టే బదులు మనమే ముందు చెప్పడం మంచిది. అందుకని కిందికి చిన్న కార్ట్రిడ్జ్ దొరికే మోడల్ అడిగాను, రెండు సైజుల ధరలూ పక్కపక్కన పెట్టాను.

పరీక్షకి ఇంత వసూలు చేస్తే ఇన్ని నెలల్లో పెట్టుబడి తిరిగొస్తుందనే పేరా రాయలేదు. మా దగ్గరికి ఎమర్జెన్సీలో వచ్చేవాళ్లలో చాలామంది ఆరోగ్యశ్రీ, అదే ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ కింద వస్తారు. ప్యాకేజీలోనే పరీక్షలు కలిసి ఉంటాయి. ఏబీజీ ఎక్కువ చేసినందుకు ఆసుపత్రికి ఎక్కువ రాదు. ఇది ఖర్చే అని ఒప్పుకుని అడగడం నిజాయితీగా అనిపించింది.

రీజెంట్ రెంటల్ మీద కంపెనీలు మిషన్ ఊరికే ఇస్తామంటాయి. నెలకి ఇన్ని కార్ట్రిడ్జ్‌లు కొంటామని సంతకం పెట్టాలి. శాంపిల్స్ తక్కువున్న చోట ఆ సంతకం మెడకి చుట్టుకుంటుంది. మా అంకెలకి అది సరిపోదని రాశాను.

చేతిలో పట్టుకునే చిన్న పరికరం చాలదా అన్న ప్రశ్న కూడా వచ్చింది. మంచి ప్రశ్న. దానికి ఒక్కో పరీక్షకి ఒక్కో కార్ట్రిడ్జ్, వృథా ఉండదు, క్లాట్ వచ్చినా పోయేది ఆ ఒక్కటే. రోజుకి రెండు మూడు శాంపిల్స్ వచ్చే చోట, నేనైతే అదే కొనమంటాను. కానీ కొన్ని కంపెనీల కార్ట్రిడ్జ్‌లు ఫ్రిజ్‌లో ఉండాలి, ఒక్కో పరీక్ష ఖర్చు ఎక్కువ, రోజుకి పది దాటితే పెద్ద మిషనే చవక.

ఇక లాబ్ మనిషిగా నాకు అన్నిటికన్నా బెంగ పుట్టించేది రెండు మిషన్ల మధ్య తేడా. క్యాజువాల్టీలో లాక్టేట్ 3.1 వచ్చింది. రెండు గంటల తర్వాత ఐసీయూ మిషన్‌లో 3.8 వచ్చింది. రోగి పరిస్థితి దిగజారిందా, లేక పై మిషన్ ఎప్పుడూ కొంచెం ఎక్కువ చూపిస్తుందా? డాక్టరుకి తెలిసే దారి లేదు. ఇన్ఫెక్షన్ ఒళ్లంతా దెబ్బతీసే సెప్సిస్‌లో లాక్టేట్ 2 దాటితే మళ్లీ చేసి, పెరిగిందా తగ్గిందా అని చూసే వైద్యం నడుస్తుంది. అక్కడ ఈ తేడా చిన్నది కాదు. అందుకని ఉన్న కంపెనీ మిషనే అడిగాను. ఆ కంపెనీ మీద ప్రేమతో కాదు. అంకెలు ఒకేలా ఉంటాయి, విడిభాగాలు, సిరంజ్‌లు, శిక్షణ ఒకటే అవుతాయి. అయినా ఒకే కంపెనీ కదా అని నమ్మి ఊరుకోకూడదు. వాడకం మొదలుపెట్టే ముందు 40 మంది రోగుల సిరంజ్‌లు, ఎక్కువ తక్కువ అంకెలు రెండూ వచ్చేలా ఎంచుకుని, ఒక్కోదాన్ని ఐదు నిమిషాల లోపల రెండు మిషన్లలో పెట్టి పోల్చాలి. ఆ తర్వాత వారానికి ఒక సిరంజ్ రెండిట్లో. పీహెచ్‌లో 0.04 దాటి తేడా వస్తే కారణం తేలేదాకా కింది మిషన్ ఆపుతాను అని రాశాను.

పొటాషియం గురించి ఒక హెచ్చరిక కూడా చేర్చాను. మెయిన్ లాబ్‌లో రక్తాన్ని తిప్పి సీరం విడదీస్తాం, కణాలు పగిలి ఉంటే ఎర్రగా కంటికి కనిపిస్తుంది. ఏబీజీ మిషన్ మొత్తం రక్తాన్నే చూస్తుంది కాబట్టి కణాలు పగిలిన సంగతి చాలా మిషన్లు పట్టుకోలేవు. కష్టపడి లాగిన రక్తంలో పొటాషియం ఉత్తినే ఎక్కువ చూపించొచ్చు. అంకెకీ, ఈసీజీకీ, మనిషికీ పొంతన కుదరకపోతే, సిరంజ్‌లో మిగిలిన రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి చూడాలి. పైన తేలిన ప్లాస్మా గులాబీ రంగులో ఉంటే ఆ అంకెని నమ్మొద్దు, మళ్లీ తీయాలి. అలా అని మనిషి పరిస్థితి బాగోలేకపోతే ఈలోపు వైద్యం ఆపకూడదు.

మిషన్ ఎవరిది అన్నది కూడా ముందే తేల్చాం. నడిపేది క్యాజువాల్టీ సిస్టర్లు, క్యూసీ, క్యాలిబ్రేషన్ బాధ్యత లాబ్‌ది. శిక్షణ పూర్తయిన వాళ్లకే పాస్‌వర్డ్. ఒకరి పాస్‌వర్డ్ అందరూ వాడడం మొదలైతే ఏ రిజల్ట్ ఎవరిదో తర్వాత ఎవరూ చెప్పలేరు. రోగి నంబరు, అప్పుడు ఇస్తున్న ఆక్సిజన్ ఎంతో కొట్టకుండా రిజల్ట్ ప్రింట్ కాకూడదని సెట్టింగ్ పెట్టమన్నాను. ఆక్సిజన్ ఎంత ఇస్తుండగా తీశారో తెలియని ఏబీజీ సగం రిజల్ట్ మాత్రమే.

ఉత్తరం చివరి పేరా సూపరింటెండెంట్ గారు రెండుసార్లు చదివారు. అందులో, ఆరు నెలల తర్వాత అదే నోట్‌బుక్ తెరుద్దామని రాశాను. క్యాజువాల్టీలో సూది నుంచి రిజల్ట్‌కి పది శాంపిల్స్‌లో తొమ్మిది 10 నిమిషాల లోపల రాకపోతే, లేదా కింది కార్ట్రిడ్జ్‌లో మూడో వంతు కన్నా ఎక్కువ పరీక్షలు గడువుతో పోతే, ఆ మిషన్‌ని పైకి మార్చి ఐసీయూకి స్టాండ్‌బైగా ఉంచి, క్యాజువాల్టీకి చేతి పరికరం కొనండి, దానికి నేను అడ్డు చెప్పను అని సంతకం పెట్టాను. ఆయన పెన్ను తీసి ఆ వాక్యం కింద గీత గీసి, "నోట్‌బుక్ రేపటి నుంచి ఐసీయూలో కూడా పెట్టించండి" అని రాశారు.